నా అరగంట, మావయ్య జవాబులు

రోజుకి అరగంట చాలని మాకు చెప్పిన మేడమ్‌కి మా అత్తగారి వైపు చుట్టాలు ఎంతమందో తెలీదు. తెలిస్తే ఆ మాట అనేది కాదు.

ఒక ఆదివారం రాయ్‌పూర్ శంకర్ నగర్‌లోని ఒక హాల్లో, ఇంట్లోనే చిన్న వ్యాపారం చేసుకునే ఆడవాళ్లకి ఆవిడ ఉచితంగా క్లాసు చెప్పింది. పచ్చళ్లవాళ్లు, బ్యూటీ పార్లర్లవాళ్లు, మెహందీ పెట్టేవాళ్లు, అందరూ హిందీవాళ్లే. తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. ఉద్యోగం చేస్తూ వ్యాపారం నడుపుతున్నవాళ్లు చేతులెత్తమంటే ఎత్తాను. ఆవిడ నావైపు చూసి, "దస్ మినిట్ పోస్ట్, దస్ మినిట్ జవాబ్, దస్ మినిట్ సీఖ్‌నా. బస్" అంది. పది నిమిషాలు పోస్టు పెట్టడం, పది నిమిషాలు అడిగినవాళ్లకి జవాబులివ్వడం, పది నిమిషాలు కొత్తగా ఏదో ఒకటి నేర్చుకోవడం. ఫోటోలన్నీ ఆదివారమే తీసి ఉంచుకుంటే రోజూ వెతుక్కోనక్కర్లేదు. అరగంట అవగానే ఫోను లోపల పెట్టేసి ఉద్యోగానికి వెళ్లిపోవాలి. వింటుంటే ఎంత హాయిగా ఉందో! ఆ హాయి ఇంటికొచ్చేదాకా ఉంది.

మాది పెళ్లి సామాను పని. అడ్డుతెరలు, బాసికాలు, అలంకరించిన కొబ్బరిబొండాలు. రాయ్‌పూర్‌లో పెళ్లికి బాజా దొరుకుతుంది, గుర్రం దొరుకుతుంది, తెలుగు పెళ్లికి అడ్డుతెర మాత్రం దొరకదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకొచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలన్నీ ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకునేవారు. మా తోడికోడలు, నేను అక్కా అని పిలుస్తాను, చేతిపనిలో దిట్ట. తెల్లటి పట్టు మీద పసుపూ ఎరుపూ దారాలతో పెళ్లికూతురి పేరు ఒకవైపు, పెళ్లికొడుకు పేరు ఒకవైపు కుట్టేది. మధ్యలో కలశం. గుఢియారీలో మా ఇంటి దగ్గరివాళ్లు మొదట చేయించుకున్నారు, వాళ్లని చూసి ఇంకొందరు. అప్పుడు నేనే అన్నాను, ఫేస్‌బుక్‌లో పేజీ పెడదామని. పేజీ నా పేరు మీద, పెట్టుబడి నాది, ఆఫీసు మానుకునే ధైర్యం లేనిదాన్నీ నేనే. నేను ఒక ఇనుము వ్యాపారుల ఆఫీసులో లెక్కలు చూస్తాను. పొద్దున్న వెళ్తే చీకటిపడ్డాకే రావడం.

అక్క మాత్రం తన పని మానేసింది. బజార్లో ఒక జాకెట్ల దుకాణంలో ఏళ్ల తరబడి హుక్కులు, హెమ్మింగులు కుట్టింది. వెలుతురు రాని వెనక గదిలో కూర్చోబెట్టి కుట్టించేవారు. కళ్లు మండుతున్నాయని ఇంటికొచ్చి తడిగుడ్డ వేసుకుని పడుకునేది. నా మాట నమ్మి అది వదిలి వచ్చింది. వచ్చిన రోజున మేడ మీద ఎండ పడే గదిలో కుట్టుమిషను వేసుకుని, "ఇక్కడ దారం రంగు రంగులాగే కనిపిస్తాందే" అంది. దుకాణం ఆవిడ మంచిదే, మార్గశిరం వెళ్లేలోగా తేల్చి చెప్పు, ఆ తర్వాత ఇంకొకరిని పెట్టేసుకుంటానంది. అంటే మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్ల ఆర్డర్లు ఈలోగా రాకపోతే అక్క మళ్లీ ఆ వెనక గదికే వెళ్లాలి.

అందుకే ఆ అరగంటని నేను దేవుడి గదిలో దీపంలా చూసుకున్నాను. టిఫిన్ డబ్బాలు సర్దేశాక, స్కూటీ తీసేలోగా, మేడ మెట్ల మీద కూర్చునేదాన్ని. ఫోనులో పది నిమిషాలకో అలారం. మొదటిది మోగేలోగా పోస్టు. ఆదివారం కిటికీ వెలుగులో తీసి పెట్టుకున్న ఫోటో ఒకటి, కింద తెలుగులో రెండు ముక్కలు, హిందీలో రెండు ముక్కలు. ఎందుకంటే ఇక్కడ పుట్టిన మన పిల్లల్లో సగం మందికి తెలుగు చదవడం రాదు. అంతవరకూ బాగానే సాగేది.

రెండో పది నిమిషాల దగ్గరే నా బతుకు తెల్లారేది. ఫేస్‌బుక్ తెరవగానే చుట్టాలు. "బాగుందమ్మా", "దీర్ఘ సుమంగళీ భవ", మూడు గులాబీలు, దండం పెట్టే చేతులు. ఇవి చూసి వదిలేస్తే సరిపోదు. మా అత్తగారి వైపు అది మర్యాద కాదు. ఒక్కొక్కరికీ వరస పెట్టి పిలిచి, నమస్కారం చెప్పి, ఆరోగ్యం అడగాలి. వయసులో పెద్దవాళ్లకి ముందు, చిన్నవాళ్లకి తర్వాత. ఒకసారి పిన్నత్తగారికి ముందు రాసి పెద్దత్తగారికి తర్వాత రాశానని మా అత్తగారికి భిలాయి నుంచి ఫోనొచ్చింది. ఆవిడ నా టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని నిలబడి, "ఏటే, రాయడమే రాస్తావు, వరసలో రాస్తే నీ సొమ్మేటి పోయింది?" అంది. పెళ్లి శుభలేఖలు పంచినట్టు పంచేదాన్ని జవాబులు. రెండో అలారం మోగేది. అసలు అడ్డుతెర ఎంత, ఎన్నాళ్లలో ఇస్తారు అని అడిగినవాళ్లు ఎక్కడో అడుగున ఉండేవారు. వాళ్లకి రేపు అనుకునేదాన్ని. రేపు ఇంకొన్ని గులాబీలు వచ్చేవి.

మూడో పది నిమిషాలు నేర్చుకోవడం. ఫోటోకి వెలుగు ఎటు నుంచి రావాలి, మొదటి వాక్యంలో ఏం చెప్పాలి, ఎక్కువ మంది దాచుకున్న పోస్టు ఏదో ఎలా చూడాలి, పదేపదే అడిగే ప్రశ్నకి జవాబు ముందే రాసి ఎలా ఉంచుకోవాలి. రోజుకొకటి నేర్చుకుని మర్నాడు చేసి చూసేదాన్ని. ఫోటోలు బాగుపడ్డాయి. మెచ్చుకోళ్లు పెరిగాయి. ఆర్డర్లు మాత్రం, మొదట్లో వచ్చినవి కాస్తా ఆగిపోయాయి. కార్తీకం వెళ్లిపోయింది. అక్క దారపు ఉండలు రంగుల వారీగా సర్దింది, మళ్లీ విప్పి సర్దింది. ఆఫీసులో లెక్కల ముందు కూర్చుంటే నాకు ఆ ఉండలే కనిపించేవి.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఈ గోడంతా మా ఆఫీసులో పనిచేసే ఒకావిడకి చెప్పుకున్నాను. మందిర్ హసౌద్ నుంచి వస్తుంది, ఇక్కడి మనిషే, తెలుగు ముక్క రాదు. వీడియోలు చూడ్డం ఆపి ఒకరోజు మీ పేజీని మీరే కొనేవాళ్లలా చూడండి అని క్లాసులో మేడమ్ అన్న మాట గుర్తొచ్చి, ఆవిడ ఫోనులో చూపించమన్నాను. ఆవిడ అన్నం కలుపుతూనే ఎడమచేత్తో పేజీ తెరిచింది. ఫోటో చూసింది. కింద ఎవరో హిందీలో అడిగిన ప్రశ్న మీద నొక్కింది. దాని కింద మడిచి ఉన్న జవాబులు విచ్చుకున్నాయి. చదివి నావైపు వింతగా చూసింది.

"దీదీ, ఆప్ తో ఫాగున్ తక్ ఫుల్ హో. ఫిర్ రో కాహే రహీ హో?"

ఫాల్గుణం దాకా ఖాళీ లేదట. మరి ఏడుపెందుకట. నేను ఫోను లాక్కున్నంత పని చేశాను.

జవాబులిచ్చింది పెద్ద మావయ్యగారు. మా అత్తగారి అన్నయ్య. రైల్వేలో గార్డుగా చేసి రిటైరై బిలాస్‌పూర్‌లో ఉంటారు. మనిషి బంగారం. మా పెళ్లిలో కాళ్లకి చెప్పుల్లేకుండా తిరిగి పనులు చేశారు. నాకు రోజుకి అరగంట ఉంటే ఆయనకి రోజంతా ఉంది. ఎవరు ఏమడిగినా నేను చూసేలోగానే ఆయన జవాబిచ్చేసేవారు. తెలుగులో అడిగితే తెలుగులో, హిందీలో అడిగితే హిందీలో. "మా కోడళ్లకి ఊపిరి సలపడం లేదు. ఆర్డర్లు కిక్కిరిసి ఉన్నాయి. ఫాల్గుణం దాకా ఖాళీ లేదు." ఒకచోట అయితే, "వాళ్లు అందరికీ చెయ్యరు, బాగా తెలిసినవాళ్లకే" అని కూడా రాశారు. ఇంటి కోడళ్ల పని ఎవరూ అడగడం లేదంటే ఆయనకి చిన్నతనం. అందుకని మా గొప్ప ఆయనే చాటుతున్నారు. పేజీలో వేలుపెట్టే మగమనిషి, పైగా మా కోడళ్లు అంటున్నారు, ఆయనే యజమాని అనుకున్నారు పాపం అందరూ. దండం పెట్టి వెళ్లిపోయారు.

ఆ రోజు లెక్కల్లో రెండుసార్లు తప్పు చేసి తిట్లు తిన్నాను. కోపం ఎవరి మీదో చెప్పలేను. ఆయన మీద కోప్పడితే కళ్లు పోతాయన్నట్టు పెరిగినవాళ్లం.

మర్నాడు నేర్చుకునే పది నిమిషాల్లో ఒకే ఒక్క సంగతి వెతికాను, పెద్దవాళ్ల నోరు నొప్పించకుండా ఎలా మూయాలి అని. దొరికింది. పేజీ మన చేతిలో ఉంటే ఎవరి మాటనైనా దాచేయవచ్చు. చెరిపేస్తే రాసినవాళ్లకి తెలిసిపోతుంది. దాచేస్తే తెలీదు, రాసినవాళ్లకి అది ఎప్పటిలాగే కనిపిస్తుంది, మిగతావాళ్లకి కనిపించదు. ఎవరు కనిపెట్టారో గానీ ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్లే అయుంటారు అనుకున్నాను. మావయ్యగారి జవాబులన్నీ ఒక్కొక్కటే దాచుకుంటూ పోయాను. కింద ప్రశ్న అడిగినవాళ్లకి నేనే రాశాను, ఖాళీ ఉంది, చేసిస్తాం అని. ఆ రోజు ఒక్క గులాబీకీ నమస్కారం పెట్టలేదు. మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలిగ్గా ఉంది.

వారం గడిచింది. ఎవరూ రాలేదు. పాతవాళ్లు అప్పటికే ఎక్కడో తెప్పించేసుకున్నారు, సరే. కొత్తవాళ్లేరి? ఒక సాయంత్రం అక్క కూరగాయలు తెచ్చి సంచీ గట్టు మీద పెట్టి, పైకి చూడకుండానే చెప్పింది. రైల్వే కాలనీలో ఉండే తెలిసినావిడ బజార్లో కనిపించిందట. కూతురి పెళ్లి మాఘంలో. "మీకు ఫాల్గుణం దాకా కుదరదట కదా, మొన్ననే చూశాను, విశాఖపట్నం నుంచి తెప్పిస్తున్నాం" అందట.

మొన్ననా? దాచేశాను కదా! మర్నాడు పొద్దున్న కూర్చుని ఆ దాచేయడం గురించి పూర్తిగా చదివాను. మొదటిసారి సగమే చదివాను, రెండో సగం చదివేలోగా అలారం మోగింది. దాచిన మాట రాసినవాళ్లకి కనిపిస్తుంది, వాళ్ల స్నేహితులకి కూడా కనిపిస్తుంది. మావయ్యగారి స్నేహితులు ఎవరు? రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ దాకా ఉన్న తెలుగు రైల్వే కుటుంబాలన్నీ. మాకు ఆర్డరివ్వగలిగినవాళ్లు ఎవరో సరిగ్గా వాళ్లందరూ. అడ్డుతెర అంటే ఏమిటో తెలీని జనానికి మాత్రం శుభ్రంగా దాచిపెట్టాను! నవ్వాలో ఏడవాలో తెలీక మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. ఆ రోజు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లాను.

అత్తగారితో చెప్పాను, మీరు ఒక్క మాట చెప్పండి అని. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా అన్నయ్యకా? మీ గురించి మంచిగా రాత్తంటే వొద్దని నానెలాగ చెప్పగలను? ఉండే, పెళ్లికెలాగూ ఎల్తాం కదా, అప్పుడు మెల్లిగా చూద్దాం" అంది.

పెళ్లి మావయ్యగారి మనవరాలిది, మార్గశిరం చివర్లో, బిలాస్‌పూర్‌లో. ఆ పెళ్లి మీద మా ఇద్దరికీ లోపల్లోపల ఒక ఆశ. ఇంటి పెళ్లికి ఇంటి అడ్డుతెర కాకపోతే ఇంకేముంటుంది? అక్క మంచి పట్టు ముక్క ఒకటి విడిగా తీసి పాత చీరలో చుట్టి ఉంచింది. కానీ అయినవాళ్లని పని ఇవ్వమని మనం అడగం, వాళ్లే అడగాలి. శుభలేఖ వచ్చింది. ఫోన్లు వచ్చాయి, చీరల గురించి, రైలు గురించి. అడ్డుతెర మాట ఎవరూ ఎత్తలేదు. అక్క ఆ పట్టు ముక్కని చీరలోంచి తీయనూ లేదు, వేరేదానికి వాడనూ లేదు.

ముహూర్తం ఉదయం పూట. మంటపం కిందికి వెళ్లి కూర్చున్నాం. పంతులుగారు అడగ్గానే ఇద్దరు కుర్రాళ్లు తెర పట్టుకున్నారు. అచ్చు వేసిన పలచటి బట్ట. కలశం రంగు పక్కకి కారినట్టుంది. పేర్లు రాయించే వీలే లేని రకం, ఎవరి పెళ్లికైనా సరిపోయేది. అక్క దాన్ని రెప్ప వేయకుండా చూసింది. నేను అక్కని చూడలేక నా చేతిలో అక్షింతలు చూసుకున్నాను. జీలకర్ర బెల్లం పెట్టారు, తెర దించేశారు, అది ఎవరి కాళ్ల కిందో పడింది.

భోజనాల దగ్గర మావయ్యగారు వడ్డన చూసుకుంటూ మా దగ్గరకొచ్చారు. "ఏటమ్మా, సరిగ్గా తింటన్నారా లేదా? మీరు వత్తారో రారో అనుకున్నాను సుమీ. అంత పనిలో తెమిలి వచ్చేరు." ఆ తర్వాత గొంతు తగ్గించి, మాకు మేలు చేసినట్టు చెప్పారు. "అడ్డుతెర మిమ్మల్నే అడగమని మా ఆవిడ అంది. నేనే వొద్దన్నాను. ఆళ్లకే ఊపిరాడ్డం లేదు, మనం కూడా మీద పడితే ఎలాగ అన్నాను. ఆన్‌లైన్‌లో తెప్పించీసేను."

ఆయన రాసింది ఆయనే నమ్మారు! ఈ అబద్ధాన్ని లోకంలో అందరికంటే గట్టిగా నమ్మింది ఆయనే. ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను, మర్యాదగా, మెల్లిగా, వరస తప్పకుండా. ఇంతలో అక్క విస్తరి మీంచి తలెత్తింది. పెద్దవాళ్ల ముందు గొంతు విప్పని మనిషి.

"మాకు పని లేదు మావయ్యగారూ" అంది. "దీపావళి ముందు నుంచీ లేదు. సోమవారం నుంచి నేను మళ్లీ దుకాణానికి ఎల్తన్నాను."

చుట్టూ నలుగురూ వినేలా అంది. మావయ్యగారు గరిటె గిన్నెలో పెట్టేశారు. ఆయన ముఖం ఎర్రబడింది. "మరి నేను అందరికీ..." అని ఆగిపోయారు. మా అత్తగారు అక్క మోచేతి మీద గిల్లింది. అక్క మళ్లీ తినడం మొదలుపెట్టింది. సోమవారం సంగతి నాకూ అప్పుడే తెలిసింది. దుకాణానికి ఫోను చేసి ఒప్పేసుకుందట, నాకు చెబితే బాధపడతానని చెప్పలేదట.

సోమవారం పొద్దున్న టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే నా డబ్బా పక్కన ఇంకొకటి ఉంది. అక్కది. పాత స్టీలు డబ్బా, దుకాణానికి తీసుకెళ్లేది. మూత బిగించి, రుమాలు కట్టి సిద్ధంగా ఉంది. దాన్ని చూసి మెట్ల మీదికి పోయాను. పోస్టు పెట్టబుద్ధి కాలేదు. ఊరికే అలవాటుకొద్దీ తెరిచాను.

మావయ్యగారు. పైనుంచి కిందిదాకా మావయ్యగారే. బంధువులింకా ఇంట్లో ఉండగానే కూర్చుని రాశారో ఏమో, పేజీలో ఉన్న ప్రతి పోస్టు కిందా, ప్రతి పాత ప్రశ్న కిందా, తెలుగులో ఒకసారి హిందీలో ఒకసారి. "ముందు నేను రాసింది తప్పు. మా కోడళ్లు చాలా ఖాళీగా ఉన్నారు. ఎవరూ ఆర్డర్లు ఇవ్వడం లేదు. పాపం పెద్దకోడలు దుకాణంలో పనికి పోతోంది. దయచేసి ఇవ్వగలరు."

మొన్నటిదాకా మమ్మల్ని మహారాణుల్ని చేసి పని పోగొట్టారు, ఇప్పుడు వీధిలో నిలబెట్టి అడుక్కుంటున్నారు. ఈ మనిషికి మధ్యలో ఇంకో దారి లేదా? అన్నీ చెరిపేద్దామని వేలు పెట్టాను. చెరుపుతూ కిందికి పోతుంటే, ఆయన మాటల్లో ఒకదాని కింద ఎవరో రాసి ఉంది. భిలాయి అమ్మాయి, నాకు తెలీదు, గులాబీలు లేవు, నమస్కారం లేదు. "నిజంగా ఖాళీ ఉందా? మా పెళ్లి మాఘంలో. పేర్లు కుట్టినదే కావాలి. వీలవుతుందా?"

పోస్టు లేదు, వరసలు లేవు. ఆ పిల్లకే ముందు రాశాను. వీలవుతుంది, పేర్లు పంపండి. వెంటనే పంపింది, ఇద్దరివీ. ఫోను పట్టుకుని ఎండ పడే గదిలోకి పరిగెత్తాను. అక్క చెప్పులు వేసుకుంటోంది, చేతిలో డబ్బా. ఏమీ చెప్పకుండా ఫోను చూపించాను. అక్క చదివింది. మళ్లీ చదివింది. పెదాలు కదుపుతూ ఆ రెండు పేర్లూ మెల్లిగా పలికింది, ఏ పేరు ఎంత పొడుగుందో కొలుస్తున్నట్టు.

"ఒక్కటే కదే" అంది.

"ఒక్కటే" అన్నాను.

చెప్పులు విడిచింది. డబ్బా మిషను బల్ల మీద పెట్టి, అడుగునున్న పాత చీర లాగి, పట్టు ముక్క విప్పి వెలుగులో పరిచింది.

నా చేతిలో ఫోనుకి మెసేజి వచ్చింది. మావయ్యగారు. "అమ్మా, నేను రాసినవాటికి ఒక్కదానికీ జవాబివ్వలేదు. కోపమొచ్చిందా?" మూడో అలారం కూడా అప్పుడే మోగింది. ఫోను సంచీలో పడేసి స్కూటీ తీశాను.